రెండు తరగతుల ఉమ్మడి ప్రామాణిక విచలనం: ఒక సూత్రం నడిచి వచ్చిన దారి

1. సమస్య ఏమిటి?

ఒక కళాశాలలో ఒకే పరీక్ష రాసిన రెండు సెక్షన్లు ఉన్నాయనుకోండి. ఎ సెక్షన్‌లో 40 మంది విద్యార్థులు, వారి సగటు మార్కు 50, ప్రామాణిక విచలనం 8. బి సెక్షన్‌లో 60 మంది, వారి సగటు 70, ప్రామాణిక విచలనం 6. విడివిడి మార్కుల జాబితాలు మన దగ్గర లేవు. ఈ ఆరు అంకెలే ఉన్నాయి. రెండు సెక్షన్లనూ కలిపి నూరుమంది ఉన్న ఒకే తరగతిగా చూస్తే దాని సగటు ఎంత, ప్రామాణిక విచలనం ఎంత?

సగటు విషయంలో చిక్కు లేదు. ఎ సెక్షన్ మొత్తం మార్కులు 40 × 50 = 2000. బి సెక్షన్‌వి 60 × 70 = 4200. రెండూ కలిపి 6200. నూరుతో భాగిస్తే 62. సంఖ్యలను బట్టి బరువు ఇచ్చి తీసిన సగటు ఇది.

ఇదే పద్ధతిని ప్రామాణిక విచలనానికీ వాడాలని చాలామందికి తోస్తుంది. అప్పుడు (40 × 8 + 60 × 6) ÷ 100 = 6.8 వస్తుంది. 8కి, 6కి మధ్యలో ఉంది కనుక చూడటానికి సబబుగానే కనిపిస్తుంది. కాని అది తప్పు. సరైన జవాబు దాదాపు 12.

ఎందుకో సూత్రం లేకుండానే కొంత గ్రహించవచ్చు. ఎ సెక్షన్ విద్యార్థుల మార్కులు 50 చుట్టూ ఉన్నాయి. కలిసిన తరగతి సగటు 62. అంటే ఎ సెక్షన్‌లో సరిగ్గా తమ సగటు మీదే ఉన్న విద్యార్థి కూడా కొత్త సగటుకు 12 మార్కుల దూరంలో ఉన్నాడు. బి సెక్షన్ సగటు విద్యార్థి అవతలి వైపు 8 మార్కుల దూరంలో ఉన్నాడు. మామూలు విద్యార్థులే ఇంతేసి దూరాల్లో ఉంటే మొత్తం మీద విచలనం 6.8 ఎలా అవుతుంది? రెండు సెక్షన్ల సగటుల మధ్య ఉన్న 20 మార్కుల దూరం ఆ లెక్కలో ఎక్కడా కనబడలేదు. దాన్ని లెక్కలోకి తెచ్చే సూత్రం ఎక్కడ మొదలై మీ పాఠ్యపుస్తకం దాకా ఎలా వచ్చిందో ఈ పాఠంలో చూద్దాం.

2. లోలకం దగ్గర మొదలైన సంబంధం

ఈ సూత్రపు మూలం సాంఖ్యకశాస్త్రంలో లేదు, యంత్రశాస్త్రంలో ఉంది. డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1673లో లోలకపు గడియారం గురించి ‘హొరొలోజియమ్ ఆసిలేటోరియమ్’ అనే గ్రంథాన్ని ప్రచురించాడు. దారానికి కట్టిన చిన్న గుండు ఊగే తీరు అప్పటికే తెలుసు. బరువు ఒకచోట కాక పొడుగునా పరచుకుని ఉన్న కడ్డీ వంటి వస్తువు ఊగితే దాని లెక్క ఏమిటన్నది ఆయన ముందున్న ప్రశ్న. జవాబు కోసం ఆయన వస్తువులోని ప్రతి ముక్కకూ అక్షం నుంచి ఎంత దూరమో చూసి, ఆ దూరాల వర్గాలను కూడవలసి వచ్చింది. ఆ మొత్తానికి జడత్వ భ్రామకం అనే పేరు తరువాతి కాలంలో ఆయిలర్ పెట్టాడు.

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో మీరు చదివిన సమాంతరాక్ష సిద్ధాంతం ఈ పనిలోంచే వచ్చింది. ద్రవ్యరాశి కేంద్రం గుండా పోయే అక్షం నుంచి కొలిచిన జడత్వ భ్రామకం తెలిస్తే, దానికి సమాంతరంగా వేరేచోట ఉన్న అక్షం నుంచి కొలిచే భ్రామకం కోసం అంతా మళ్ళీ మొదటి నుంచి కూడనక్కర లేదు. ద్రవ్యరాశిని రెండు అక్షాల మధ్య దూరపు వర్గంతో గుణించి కలిపితే చాలు. దీనికి స్విస్ గణితవేత్త యాకోబ్ స్టైనర్ పేరు కూడా జతచేసి హైగెన్స్–స్టైనర్ సిద్ధాంతం అంటారు.

ఇప్పుడు వస్తువు స్థానంలో ఎ సెక్షన్‌ను, ముక్కల స్థానంలో విద్యార్థులను, ద్రవ్యరాశి కేంద్రం స్థానంలో సగటును పెట్టి చూడండి. ఎ సెక్షన్ మార్కుల విచలనాలను వారి సొంత సగటు 50 నుంచి కొలిచి వర్గాలు కూడితే 40 × 8² = 2560 వస్తుంది. ప్రామాణిక విచలనం నిర్వచనమే అది. మనకు కావలసింది 62 నుంచి కొలిచిన వర్గాల మొత్తం. ఒక విద్యార్థి మార్కు x అయితే,

x − 62 = (x − 50) − 12

అని రాయవచ్చు. రెండు వైపులా వర్గం చేస్తే మూడు పదాలు వస్తాయి: (x − 50)², −24(x − 50), 144. నలభైమందికీ వీటిని కూడండి. మొదటి పదం మొత్తం 2560. మూడో పదం మొత్తం 40 × 144 = 5760. మధ్య పదం మొత్తం సున్న. సొంత సగటు నుంచి తీసిన విచలనాల మొత్తం ఎప్పుడూ సున్నే కదా! ఈ మధ్య పదం పోవడమే ఈ సూత్రానికి ప్రాణం. సగటు నుంచి కాక మధ్యగతం నుంచో మరో సంఖ్య నుంచో కొలిచి ఉంటే మధ్య పదం మిగిలిపోయేది, లెక్కకు విడి మార్కులు అవసరమయ్యేవి. సగటు నుంచి కొలిచాం కనుక ఆరు అంకెలతో సరిపోతున్నది.

3. లెక్క పూర్తి చేద్దాం

ఎ సెక్షన్ వాటా: 2560 + 5760 = 8320.

బి సెక్షన్‌లో సొంత విచలనాల వర్గాల మొత్తం 60 × 6² = 2160. దాని సగటు 70, ఉమ్మడి సగటు 62 కనుక దూరం 8. అందుచేత కలపవలసింది 60 × 8² = 3840. బి సెక్షన్ వాటా: 2160 + 3840 = 6000.

రెండూ కలిపి 14320. నూరుతో భాగిస్తే 143.2. వర్గమూలం 11.97. ఇదే ఉమ్మడి ప్రామాణిక విచలనం.

సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది. ఇందులో d₁, d₂ అనేవి ఒక్కొక్క సెక్షన్ సగటుకూ ఉమ్మడి సగటుకూ ఉన్న తేడాలు.

σ² = [n₁(σ₁² + d₁²) + n₂(σ₂² + d₂²)] ÷ (n₁ + n₂)

సెక్షన్ల లోపలి భాగాన్ని ఒకవైపు, సగటుల దూరం వల్ల వచ్చిన భాగాన్ని మరొకవైపు చేర్చినా ఇదే సూత్రం వస్తుంది. D అంటే రెండు సగటుల మధ్య తేడా అనుకుంటే,

σ² = (n₁σ₁² + n₂σ₂²) ÷ N + (n₁n₂ ÷ N²) D²

ఇక్కడ N = n₁ + n₂. మన ఉదాహరణలో మొదటి భాగం 4720 ÷ 100 = 47.2. రెండో భాగం 0.24 × 400 = 96. మొత్తం 143.2. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చింది కనుక పరీక్షలో ఒకదానితో చేసి రెండోదానితో సరిచూసుకోవచ్చు.

రెండో రూపం ఒక విషయాన్ని స్పష్టంగా చూపిస్తుంది. సగటుల తేడా ఎంతన్నదే కాక, సెక్షన్ల సంఖ్యలు ఏ నిష్పత్తిలో ఉన్నాయన్నదీ ముఖ్యమే. ఎ సెక్షన్‌లో 5గురు, బి సెక్షన్‌లో 95 మంది ఉన్నారనుకోండి. సగటులు, విచలనాలు పాతవే. అప్పుడు రెండో భాగం 0.0475 × 400 = 19 మాత్రమే. మొదటి భాగం 37.4. మొత్తం 56.4, ప్రామాణిక విచలనం 7.51. అదే 20 మార్కుల దూరం, కాని దూరంగా ఉన్నవారు కొద్దిమందే కనుక మొత్తం మీద ప్రభావం తగ్గింది. రెండు సెక్షన్లూ సమాన సంఖ్యలో ఉన్నప్పుడు ఈ ప్రభావం గరిష్ఠం.

4. పియర్సన్, నేపుల్స్ పీతలు

మార్కుల వంటి కొలతలు ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పడానికి పందొమ్మిదో శతాబ్దంలో ఎక్కువగా వాడింది ‘సంభావ్య దోషం’ అనే కొలమానం. ఖగోళ పరిశీలనల్లో వచ్చే దోషాల కోసం పుట్టిన మాట అది. సామాన్య వక్రానికి అది ప్రామాణిక విచలనంలో 0.6745 వంతు. ‘ప్రామాణిక విచలనం’ అన్న పేరును లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో అనువర్తిత గణిత ఆచార్యుడైన కార్ల్ పియర్సన్ 1893లో తన ఉపన్యాసాల్లో వాడి, 1894లో అచ్చులోకి తెచ్చాడు. ‘భ్రామకం’ అన్న మాటను కూడా ఆయన యంత్రశాస్త్రం నుంచే తెచ్చి సాంఖ్యకశాస్త్రంలో పెట్టాడు. ప్రామాణిక విచలనానికి యంత్రశాస్త్రంలోని జత భ్రమణ వ్యాసార్ధం. హైగెన్స్ సంబంధం సాంఖ్యకశాస్త్రంలోకి ఇంత సులువుగా ఒదగడానికి కారణం ఇదే.

పియర్సన్ ఎదుర్కొన్న సమస్య మన సమస్యకు తలకిందుల రూపం. ఆయన సహోద్యోగి, జంతుశాస్త్రవేత్త వెల్డన్, ప్లిమత్‌లో వెయ్యి, ఇటలీలోని నేపుల్స్ అఖాతంలో వెయ్యి చొప్పున ఆడ తీరపు పీతల శరీర భాగాలను కొలిచి 1893లో ఫలితాలు ప్రకటించాడు. కొలతలు దాదాపు అన్నీ సామాన్య వక్రానికి ఒదిగాయి. నేపుల్స్ పీతల నుదుటి వెడల్పు మాత్రం ఒదగలేదు. ఆ వక్రం ఒకవైపుకు వాలి ఉంది. కొలిచిన పీతల్లో తెలియకుండా రెండు రకాలు కలిసిపోయాయా అని వెల్డన్ అనుమానించాడు.

మన భాషలో చెప్పాలంటే, ఆయన చేతిలో ఉన్నది నూరుమంది ఉమ్మడి జాబితా. సెక్షన్ల పేర్లు చెరిగిపోయాయి. ఉమ్మడి సగటు, ఉమ్మడి విచలనం తెలుసు. లోపల రెండు సెక్షన్లు ఉన్నాయా, ఉంటే వాటి సంఖ్యలు, సగటులు, విచలనాలు ఏమిటి?

ఒక సెక్షన్ వివరాలు తెలిస్తే రెండోదాన్ని రాబట్టడం సులువే. మన ఉదాహరణలో మొత్తం నూరుమంది, ఉమ్మడి సగటు 62, ఉమ్మడి విస్తృతి 143.2 అని తెలిసి, ఎ సెక్షన్ వివరాలూ తెలుసుననుకోండి. మొత్తం 14320 లోంచి ఎ వాటా 8320 తీసివేస్తే 6000. అరవైతో భాగిస్తే 100. బి సెక్షన్ సగటు (6200 − 2000) ÷ 60 = 70, కనుక దూరం 8. 100లోంచి 64 పోతే 36. ప్రామాణిక విచలనం 6. ఇటువంటి లెక్క పరీక్షల్లో తరచుగా అడుగుతారు.

ఏ సెక్షన్ వివరాలూ తెలియకపోతే మాత్రం ఉమ్మడి సగటు, ఉమ్మడి విచలనం సరిపోవు. తెలియనివి అయిదు: ఒక సెక్షన్ వంతు, రెండు సగటులు, రెండు విచలనాలు. మనకున్న సమీకరణాలు రెండే. అందుకే పియర్సన్ ఇంకా పైకి, మూడు, నాలుగు, అయిదో భ్రామకాల దాకా వెళ్ళాడు. ప్రతి గుంపూ సామాన్య వక్రమే అనే ఊహను తోడుచేసుకున్నాడు. చివరికి తొమ్మిదో ఘాతపు సమీకరణం ఒకటి తేలింది. ఎలక్ట్రానిక్ కాలిక్యులేటర్లు లేని రోజుల్లో దాన్ని సాధించాడు. 1894 నాటి ఆ వ్యాసంలో పీతలను ఆయన ఇంచుమించు పదింట నాలుగు వంతులు, ఆరు వంతులుగా ఉన్న రెండు గుంపులుగా విడదీశాడు. ఒకటికి మించి సాధనలు వచ్చినందువల్ల ఏది మేలో తేల్చడానికి ఆరో భ్రామకాన్ని చూడవలసి వచ్చింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. రెండు గుంపులు కలిస్తే వక్రంలో రెండు మూపురాలు కనిపించవా? ఎల్లప్పుడూ కనిపించవు. సమాన సంఖ్యలో, సమాన విచలనంతో ఉన్న రెండు సామాన్య వక్రాలను కలిపినప్పుడు, సగటుల దూరం ప్రామాణిక విచలనానికి రెండింతలు దాటితేనే రెండు మూపురాలు ఏర్పడతాయి. అంతకు తక్కువైతే ఒకే మూపురం మిగులుతుంది. గుంపుల సంఖ్యలు, విచలనాలు వేరువేరైతే ఆ ఒక్క మూపురం పక్కకు వాలుతుంది. నేపుల్స్ పీతల్లో కనిపించింది ఆ వాలే. వాలు ఉన్నంత మాత్రాన రెండు గుంపులు ఉన్నట్లు రుజువు కాదు. ఒకే గుంపు కూడా సహజంగా వాలి ఉండవచ్చు. లెక్క చెప్పేది ‘రెండు గుంపులే అయితే అవి ఇలా ఉంటాయి’ అని మాత్రమే.

5. ఫిషర్: వర్గాలకు ఒక పేరు

మన లెక్కలో కూడినవి ప్రామాణిక విచలనాలు కావు, వాటి వర్గాలు. అన్నీ కూడిన తరువాత చివర ఒక్కసారే వర్గమూలం తీశాం. కూడికకు లొంగేది వర్గమే అయినప్పుడు దానికంటూ ఒక పేరు ఉండాలని రోనాల్డ్ ఫిషర్ భావించాడు. బంధువుల మధ్య పోలికల గురించి 1918లో రాసిన వ్యాసంలో ‘విస్తృతి’ అన్న భావనకు ఇంగ్లీషులో నేటికీ వాడుతున్న పేరు పెట్టాడు. ఆయన చెప్పిన సందర్భం కొంచెం వేరు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కారణాలు ఒకే కొలతను మారుస్తున్నప్పుడు వాటి విస్తృతులు కూడుకుంటాయని ఆయన గుర్తుచేశాడు. మనది రెండు గుంపులను కలపడం. రెండు చోట్లా మధ్య పదం సున్న కావడం వల్లే కూడిక సాధ్యమవుతున్నది.

1919లో ఫిషర్ రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. ఎరువుల ప్రయోగాల అంకెలను విడమర్చే పనిలో విస్తృతి విశ్లేషణ పద్ధతి రూపుదిద్దుకున్నది. 1925లో వచ్చిన ఆయన పుస్తకంతో అది ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ పద్ధతిలోని మొదటి మెట్టు మీరు ఇప్పటికే చేసేశారు. మొత్తం వర్గాల మొత్తం 14320. అందులో సెక్షన్ల లోపలిది 4720, సెక్షన్ల మధ్యది 9600. మన నూరుమంది మార్కుల్లో ఉన్న తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు ఏ సెక్షన్‌లో ఉన్నారన్నదానితోనే వచ్చింది. ఈ భాగాలను స్వాతంత్ర్య పరిమాణాలతో భాగించి పోల్చడం తరువాతి మెట్టు. అది మీకు మరో యూనిట్‌లో వస్తుంది.

6. పేర్లు దగ్గర, అర్థాలు వేరు

పాఠ్యపుస్తకాల్లో ‘ఉమ్మడి ప్రామాణిక విచలనం’, ‘పూల్డ్ ప్రామాణిక విచలనం’ అని రెండు మాటలు కనిపిస్తాయి. ఇవి ఒకటి కావు. పూల్డ్ అన్నప్పుడు సెక్షన్ల లోపలి భాగాన్నే తీసుకుంటాం. మన ఉదాహరణలో √47.2 = 6.87. సగటుల దూరాన్ని కావాలనే వదిలేస్తాం. ఎందుకంటే అక్కడ ఆ దూరాన్నే కొలవదలచుకున్నాం. కొలవవలసిన వస్తువును కొలబద్దలో కలపకూడదు కదా. రెండు సగటులను పోల్చే టి-పరీక్షలో వాడేది ఇదే, కాకపోతే అక్కడ భాజకాలు కొద్దిగా మారతాయి.

1931లో కలకత్తాలో భారత సాంఖ్యక సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1936లో ప్రకటించిన ‘సాధారణీకృత దూరం’ వెనుక ఉన్నదీ ఈ ఆలోచనే. కొలత ఒక్కటే ఉన్నప్పుడు అది సగటుల తేడాను గుంపుల లోపలి విచలనంతో భాగించడమే అవుతుంది. మన సెక్షన్లకు 20 ÷ 6.87, అంటే దాదాపు 2.9. ఒకేసారి అనేక కొలతలుంటే ఏ వ్యక్తి ఏ గుంపుకు చెందుతాడో తేల్చే విధానాన్ని సి. ఆర్. రావు 1948లో విస్తరించారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్ళిన తెలుగువారు ఆయన.

కనుక ప్రశ్నను జాగ్రత్తగా చదవండి. రెండు సెక్షన్లను ఒకే తరగతిగా చూసినప్పుడు మార్కులు ఎంత చెదిరి ఉన్నాయని అడిగితే 11.97. సెక్షన్ల తేడాను పక్కనపెట్టి లోపలి చెదురు ఎంతని అడిగితే 6.87.

7. ఎక్కడ తప్పు దొర్లుతుంది?

మొదటిది భాజకం. పై సూత్రం n తో భాగించి తీసిన విచలనాలకు. కంప్యూటర్‌లో STDEV.P వాడితే వచ్చేది అదే. STDEV.S మాత్రం n − 1 తో భాగిస్తుంది. ఇచ్చిన విచలనాలు రెండో రకమైతే 40 బదులు 39, 60 బదులు 59 తో వర్గాలను గుణించాలి. లోపలి భాగం 39 × 64 + 59 × 36 = 4620 అవుతుంది. మధ్య భాగం 9600 మారదు. మొత్తం 14220ని 99తో భాగించి వర్గమూలం తీస్తే 11.98. నూరుమంది ఉన్నప్పుడు తేడా స్వల్పం. అయిదారుగురే ఉన్న గుంపుల్లో అది గణనీయం.

రెండోది జవాబును అంచనా వేయడంలో. ‘ఉమ్మడి విచలనం రెండు విచలనాల మధ్యలోనే ఉండాలి’ అన్న నమ్మకం తప్పని ఇప్పటికే చూశాం. సగటులు సమానమైతేనే అలా ఉండి తీరుతుంది. అయితే ‘రెండింటికంటే ఎప్పుడూ ఎక్కువే’ అన్నదీ నిజం కాదు. 5గురు, 95 మంది లెక్కలో వచ్చిన 7.51 ఎ సెక్షన్ విచలనం 8 కంటే తక్కువే. నమ్మదగిన హద్దు ఒకటే: ఉమ్మడి విస్తృతి, సెక్షన్ల విస్తృతుల బరువు సగటు కంటే ఎన్నడూ తగ్గదు. మీ జవాబు అంతకంటే తక్కువ వస్తే ఎక్కడో దూరపు వర్గాన్ని కలపడం మరిచిపోయారన్నమాట, లేదా తీసివేశారన్నమాట.

మూడోది గుంపుల స్వభావం. ఒకే విద్యార్థి రెండు సెక్షన్లలోనూ లెక్కకు వచ్చి ఉండకూడదు. రెండు సెక్షన్లూ ఒకే కొలతలో ఉండాలి. ఒకటి నూరుకు, ఒకటి యాభైకి వేసిన మార్కులైతే సగటునూ విచలనాన్నీ ముందు ఒకే కొలతకు మార్చాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక సెక్షన్‌లో 30 మంది, సగటు 60, ప్రామాణిక విచలనం 5. మరొక సెక్షన్‌లో 20 మంది, సగటు 60, ప్రామాణిక విచలనం 10. (అ) ఉమ్మడి ప్రామాణిక విచలనం కనుక్కోండి. (ఆ) రెండో సెక్షన్ సగటు 60కి బదులు 70 అయితే జవాబు ఎలా మారుతుంది?

జవాబులు: (అ) సగటులు సమానం కనుక దూరపు భాగం సున్న. విస్తృతి 2750 ÷ 50 = 55, ప్రామాణిక విచలనం 7.42. (ఆ) 0.24 × 100 = 24 అదనంగా చేరుతుంది. విస్తృతి 79, ప్రామాణిక విచలనం 8.89.